సింకు మీది స్టాండు: స్క్రూ ఎంతవరకు దిగాలి?

గిన్నెల స్టాండు కొంటే డబ్బాలో ఒక చిన్న కవరు కూడా వస్తుంది. అందులో నాలుగు స్క్రూలు, నాలుగు ప్లాస్టిక్ ప్లగ్గులు ఉంటాయి. బిగించడానికి వెళ్ళిన మనకు ఇంటివాళ్ళు ఆ కవరు ఇచ్చి, "అన్నీ ఇందులోనే ఉన్నాయి, నాలుగు బెజ్జాలు వేసి తగిలించండి చాలు" అంటారు. వడ్రంగం చేసేవాళ్ళు, ప్లంబర్లు, హార్డ్‌వేర్ షాపు తరఫున బిగించడానికి వెళ్ళే కుర్రాళ్ళు ఎక్కువమంది ఆ కవరుతోనే పని ముగించి వస్తారు. స్టాండు ఆ రోజు నిలబడుతుంది. కొన్ని నెలల తరవాత పై అంచు గోడ నుంచి వీడడం మొదలవుతుంది. ఏదో ఒక రాత్రి కంచాలూ గిన్నెలతో సహా సింకులోకి పడిపోతుంది. కింద ఎవరైనా నిలబడి గిన్నెలు తోముతుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అలా పడిన స్టాండును చూస్తే ఉక్కు ఎక్కడా విరిగి ఉండదు. స్క్రూలు వంగి ఉంటాయేమో గానీ తెగి ఉండవు. ప్లగ్గులు మాత్రం స్క్రూలను అంటిపెట్టుకుని బెజ్జంలోంచి మొత్తంగా ఊడివచ్చి ఉంటాయి. వాటి చుట్టూ బూడిదరంగు సిమెంటు పొడి తప్ప ఎర్రటి ఇటుక పొడి కనిపించదు. అంటే ఆ ప్లగ్గు ఇటుకను పట్టుకోనే లేదు. ఈ పనిలో ముందుగా తెలుసుకోవలసింది అదే.

గోడలో మొదటి 36 మి.మీ.

వంటింటి గోడకు పైన టైల్స్ ఉంటాయి. మామూలు గోడ టైలు మందం 7, 8 మి.మీ. ఉంటుంది. దాని వెనక టైలు అతికించిన సిమెంటు, ఆ వెనక గోడ పూత ఉంటాయి. గోడ వంకర సరిచెయ్యడానికి మేస్త్రి కొన్నిచోట్ల మందంగా పూస్తాడు. ఇవన్నీ దాటాకగానీ ఇటుక రాదు. సిమెంటు మీద టైల్స్ అతికించిన ఇళ్ళలో ఈ దూరం 30 నుంచి 40 మి.మీ. దాకా ఉండడం మామూలే. డబ్బాలో వచ్చే ప్లగ్గు పొడవు చాలాసార్లు 40 మి.మీ. లోపే. ఇక అది పట్టుకోగలిగేది టైలునూ పూతనూ మాత్రమే. పూత అనేది గోడకు అంటుకుని ఉండే పొర, బరువు మోయడానికి వేసింది కాదు. టైలు వెనక సిమెంటు అన్నిచోట్లా నిండుగా కూడా ఉండదు. వేలితో తడితే కొన్ని టైల్స్ డొల్లగా మోగుతాయి. అలాంటి టైలు మీద బెజ్జం వెయ్యకూడదు, పక్క టైలుకు జరగాలి.

మీ ఇంట్లో ఇటుక ఎంత లోతులో ఉందో కనుక్కోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. మొదటి బెజ్జంలోంచి రాలే పొడిని చూస్తే చాలు. టైల్ బిట్టుతో మొదలుపెట్టినప్పుడు తెల్లటి పొడి, టైలు దాటాక బూడిదరంగు సిమెంటు పొడి, ఇటుక తగలగానే ఎర్రటి పొడి వస్తాయి. రంగు మారిన క్షణంలో మిషను ఆపి, బిట్టు ఎంత దిగిందో టేపుతో కొలవండి. ఆ లెక్క కాగితం మీద రాసుకోండి. మిగతా మూడు బెజ్జాల లోతు, ప్లగ్గు పొడవు, స్క్రూ పొడవు అన్నీ ఆ ఒక్క అంకె నుంచే తేలతాయి.

పొడి ఎర్రగా మారకపోతే ఆ గోడ ఎర్ర ఇటుకది కాదు. గట్టిగా, నెమ్మదిగా దిగుతూ బూడిదరంగు పొడి వస్తుంటే సిమెంటు దిమ్మెలో, బూడిద ఇటుకలో, కాంక్రీటో అనుకోవాలి. మామూలు డ్రిల్లింగ్ మిషను అసలు ముందుకు పోకుండా బిట్టు వేడెక్కిపోతుంటే అది కాంక్రీటే. బిట్టు వెన్నలోకి దిగినట్టు దిగిపోయి, తెల్లటి మెత్తని పొడి రాలితే అది ఏఏసీ బ్లాకు, మనవాళ్ళు తేలిక బ్లాకులనేవి. కాస్త దిగాక ఒక్కసారిగా ఖాళీలోకి జారితే బోలు దిమ్మె. ఇలా తేడా కనిపించగానే చేతిలో ఉన్న ప్లగ్గులను పక్కన పెట్టి ఆలోచించాలి.

బరువు ఒకటే, లాగుడు వేరు

ఇప్పుడు ఒక మామూలు కేసు తీసుకుని లెక్క వేద్దాం. తొమ్మిదంగుళాల ఎర్ర ఇటుక గోడ, దానిమీద టైల్స్. స్టాండు వెడల్పు 30 అంగుళాలు, ఎత్తు 24, లోతు 10. ఖాళీ స్టాండు సుమారు ఆరు కిలోలు. నలుగురున్న ఇల్లు. పది స్టీలు కంచాలు ఒక్కోటి 400 గ్రాముల చొప్పున నాలుగు కిలోలు. చిన్న పళ్ళేలు, గ్లాసులు, చిన్న గిన్నెలు అన్నీ కలిపి మూడున్నర. తపేలాలు ఆరు, నాలుగు కిలోలు. కుక్కరు రెండున్నర, ఇనుప మూకుడు రెండు. అన్నీ కలిపితే పదహారు కిలోలు. స్టాండుతో ఇరవై రెండు. తడి, ట్రేలో నీళ్ళు, గరిటెలు చేర్చుకుని ఇరవై నాలుగు అనుకోండి.

ఈ ఇరవై నాలుగు కిలోలు స్క్రూలను రెండు రకాలుగా ఇబ్బంది పెడతాయి. ఒకటి కిందికి నొక్కడం. నాలుగు స్క్రూలు సమానంగా పంచుకుంటే ఒక్కోదాని మీద ఆరు కిలోలే. రెండోది గోడ నుంచి బయటికి లాగడం. గిన్నెల బరువు గోడను ఆనుకుని ఉండదు, గోడకు నాలుగైదు అంగుళాల ముందు ఉంటుంది. అందువల్ల స్టాండు తన కింది అంచు మీద ముందుకు వాలాలని చూస్తుంది. దాన్ని ఆపేవి పై స్క్రూలు. ఈ లాగుడు ఎంతో తెలియాలంటే బరువును గోడ నుంచి దాని దూరంతో హెచ్చవేసి, పై స్క్రూలకూ కింది అంచుకూ మధ్య ఉన్న ఎత్తుతో భాగించాలి. మన కేసులో 24 కిలోలు, దూరం 12.5 సెం.మీ., ఎత్తు 50 సెం.మీ. వచ్చేది 6 కిలోలు. పైన రెండు స్క్రూలుంటే ఒక్కోదానికి మూడు. ఇది చాలా తక్కువ.

ఇప్పుడు అదే వంటింట్లో పక్కన బిగించే ఒంటి అరను చూడండి. అది చిన్నది, దానిమీద పది కిలోలే పెడతారు. లోతు అదే పదంగుళాలు. కానీ దాని స్క్రూలకూ కింది అంచుకూ మధ్య ఎత్తు ఐదు సెం.మీ. మాత్రమే. పదిని 12.5తో హెచ్చవేసి 5తో భాగిస్తే 25 కిలోల లాగుడు. సగం కూడా లేని బరువు నాలుగు రెట్ల లాగుడు తెచ్చింది. దాని ముందు అంచును ఎవరైనా పట్టుకుని పదిహేను కిలోల బలంతో కిందికి ఒరిగితే ఆ ఒక్కదానికే 75 కిలోల లాగుడు వస్తుంది. అదే పని ఎత్తైన స్టాండు మీద చేస్తే ఏడున్నర కిలోలే. ఎత్తుగా ఉన్న స్టాండు చూడ్డానికి భయం పుట్టిస్తుంది, చిన్న అర "ఇదేముంది" అనిపిస్తుంది. నిజానికి జాగ్రత్త ఎక్కువ పడవలసింది చిన్న అర దగ్గరే. గోడకు మడిచే రకం ప్లేట్ల స్టాండు, గ్లాసుల అర, ఒంటి వరస ట్రే ఇవన్నీ ఆ కోవలోవే.

అయితే ఆరు కిలోల లాగుడుకే ఎత్తైన స్టాండు ఎందుకు పడిపోతోంది? లెక్కలో నాలుగు స్క్రూలూ సమానంగా మోస్తున్నాయనుకున్నాం. గోడ మీద అలా జరగదు. పై రెండు బెజ్జాలు ఒక మట్టంలో లేకపోతే బరువంతా ఎత్తులో ఉన్న స్క్రూ మీదే పడుతుంది. కుక్కరునూ మూకుడునూ ఒకే మూల పెడతారు. తడి చేతులతో గిన్నెను ధభాలున పెడితే ఆ కుదుపులో బరువు పెరుగుతుంది. పిల్లలు అంచు పట్టుకుని వేలాడతారు. వీటన్నిటికీ తోడు ప్లగ్గు పూతలో ఉంటే, ప్రతి కుదుపుకూ పూత కాస్త కాస్త నలిగి బెజ్జం వదులవుతుంది. అందుకే లెక్కలో వచ్చినదానికి కనీసం నాలుగు రెట్లు తట్టుకునేలా పట్టు ఉండాలని నేనంటాను. మంచి ప్లగ్గుల పెట్టె మీద ఇటుకకు ఎంత, కాంక్రీటుకు ఎంత, తేలిక బ్లాకుకు ఎంత బరువు పెట్టవచ్చో విడివిడిగా రాసి ఉంటుంది. ఆ పట్టిక లేని ప్లగ్గులను ఈ పనికి కొనవద్దు.

ప్లగ్గు, స్క్రూ ఎంత పొడవు?

మన కేసులో పొడి 36 మి.మీ. దగ్గర ఎర్రగా మారిందనుకుందాం. ప్లగ్గు తోక ఇటుకలో కనీసం 50 మి.మీ. కూర్చోవాలి. రెండూ కలిపితే 86. కాబట్టి షాపులో అడగవలసింది 8 మి.మీ. మందం, 100 మి.మీ. పొడవున్న ప్లగ్గు. కిటికీ ఫ్రేములు గోడకు బిగించడానికి వాడే పొడుగు ప్లగ్గులివి, సరిపడా స్క్రూ జతగానే వస్తుంది. ఇది పెడితే 64 మి.మీ. ఇటుకలో ఉంటుంది. బెజ్జం 110 మి.మీ. లోతు వెయ్యాలి, ఎందుకంటే అడుగున కొంత పొడి మిగులుతుంది, స్క్రూ మొన ప్లగ్గును దాటి కాస్త బయటికి రావాలి. కొనేముందు స్టాండు బెజ్జంలో ఆ స్క్రూ పడుతుందో లేదో చూసుకోండి. చాలా స్టాండ్ల బెజ్జాలు సన్నగా ఉంటాయి. అందుకే 10 మి.మీ. ప్లగ్గు బదులు 8 చెబుతున్నాను.

మామూలు పొట్టి ప్లగ్గునే లోపలికి తోసి, పొడుగు స్క్రూ వేసే పద్ధతి ఒకటి ఉంది. ఏమీ దొరకనప్పుడు అది నయమే. కాకపోతే అప్పుడు టైలు, పూత ఉన్న మేర స్క్రూ చుట్టూ ఖాళీ ఉంటుంది. బరువు కిందికి నొక్కినప్పుడు స్క్రూ ఆ ఖాళీలో వంగుతుంది. పొడుగు ప్లగ్గు ఆ ఖాళీని నింపేస్తుంది. ఇంకో మేలు కూడా ఉంది. ప్లగ్గు విచ్చుకునే చోటు తోక దగ్గర, ఇటుక లోపల ఉంటుంది. పొట్టి ప్లగ్గును పైపైన కొడితే అది టైలు మందంలోనే విచ్చుకుని టైలును పగలగొడుతుంది. స్క్రూ బిగిస్తుండగా 'టిక్'మని చప్పుడై సన్నని గీత పడడం చూసే ఉంటారు. దానికి కారణం ఇదే.

బెజ్జం వేసే తీరు గురించి రెండు మాటలు. టైలు మీద గుర్తు పెట్టినచోట కాగితపు టేపు అతికించండి, బిట్టు జారదు. టైలు దాటేదాకా హ్యామర్ ఆపి, నెమ్మది స్పీడులో టైల్ బిట్టుతో వెయ్యండి. గట్టి విట్రిఫైడ్ టైలైతే డైమండ్ బిట్టు కావాలి, తడిగుడ్డతో చల్లబరుస్తూ ఉండాలి. టైలు అంచుకు అంగుళం లోపల బెజ్జం వద్దు. టైలు దాటాక మామూలు బిట్టు మార్చి హ్యామర్ పెట్టవచ్చు. పని పూర్తయ్యాక బెజ్జంలో పొడి ఊదెయ్యండి. పొడి మిగిలితే ప్లగ్గు ఇటుకను కాకుండా ఆ పొడిని పట్టుకుంటుంది. ఊదేటప్పుడు కళ్ళద్దాలు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. సింకు మీద పాత దుప్పటి పరవండి, లేకపోతే డ్రిల్లింగ్ చెత్తలోని ఇనుప రజను స్టీలు మీద తుప్పు చుక్కలుగా మిగులుతుంది.

స్క్రూ బిగించే ముందు బెజ్జం మూతి దగ్గర కాస్త సిలికాన్ పెట్టండి. సింకు మీద గోడ ఎప్పుడూ తడుస్తుంటుంది. ఆ నీళ్ళు స్క్రూ వెంబడి లోపలికి పోతే టైలు వెనక చెమ్మ చేరుతుంది. స్క్రూ కూడా స్టెయిన్‌లెస్‌దే అయి ఉండాలి. మామూలు ఇనుప స్క్రూ స్టీలు స్టాండును ఆనుకుని తడిలో ఉంటే, విడిగా ఉన్నదానికంటే త్వరగా తుప్పు పడుతుంది. పెద్ద స్టీలు పక్కన చిన్న ఇనుము ఉన్నప్పుడు తుప్పు భారమంతా ఆ ఇనుము మీదే పడుతుంది. టైల్స్ మీద గోధుమరంగు చార దిగిందంటే లోపల స్క్రూ సన్నబడుతోందని గుర్తు.

గోడ ఇటుకది కానప్పుడు

కొత్త టవర్లలో గోడలు కాంక్రీటుతో పోసి ఉంటే మన పని గట్టిగానే ఉంటుంది. అక్కడ పూత పలచన, టైలును జిగురుతో అతికిస్తారు, పదిహేను ఇరవై మి.మీ. దాటగానే కాంక్రీటు. 8 మందం, 60 పొడవు ప్లగ్గు చాలు. కాకపోతే రోటరీ హ్యామర్ మిషను కావాలి. మధ్యలో ఇనుప కడ్డీ తగిలి బిట్టు ఆగిపోతే, ఆ సగం బెజ్జంలోనే స్క్రూను కోసి పెట్టకండి. మూడు సెం.మీ. పక్కకు జరిపి మళ్ళీ వెయ్యండి, స్టాండు పట్టీలో కొత్త బెజ్జం చెయ్యవలసి వచ్చినా సరే.

తేలిక బ్లాకు గోడతోనే అసలు చిక్కు. ఇటుకతో పోలిస్తే దాని బరువు మూడోవంతు మాత్రమే, లోపలంతా గాలి బుడగలు. హ్యామర్ పెడితే బెజ్జం గుంతలా విస్తరించిపోతుంది. హ్యామర్ లేకుండా తిప్పాలి. మామూలు ప్లగ్గు అందులో నిలవదు. తేలిక బ్లాకులకని ప్రత్యేకంగా చేసిన, మరలా తిరుగుతూ దిగే ప్లగ్గులు వాడాలి. వాటికి ఏ సైజు బిట్టు వాడాలో పెట్టె మీద ఉన్నట్టే చెయ్యాలి. పెద్ద స్టాండైతే కెమికల్ యాంకర్ మంచిది. బెజ్జం శుభ్రం చేసి జిగురు నింపి, మరల కడ్డీ దించి, డబ్బా మీద రాసినంతసేపు కదపకుండా ఉంచాలి. వెంటనే స్టాండు తగిలించాలని తొందరపడితే పెట్టిన ఖర్చు వృథా. నాలుగంగుళాల తేలిక బ్లాకు అడ్డుగోడ మీద ముప్పై అంగుళాల స్టాండు తగిలించమంటే మాత్రం రెండే దారులు. గోడ అవతలి వైపు దాకా బోల్టు వేసి, అక్కడ స్టీలు పట్టీ పెట్టి బిగించడం ఒకటి, గట్టు మీద నిలబడే స్టాండు కొనుక్కోమని చెప్పడం రెండోది. అవతల పడకగది ఉంటే మొదటిది ఒప్పుకోరు. అప్పుడు రెండోది నిర్మొహమాటంగా చెప్పాలి. చెయ్యనన్న పనికి వచ్చే నష్టం ఆ పూట కూలి మాత్రమే.

గొట్టాలు, వైర్లు

సింకు మీది గోడలో మిగతా గోడల్లో లేనివి ఉంటాయి. మన ఇళ్ళలో నీళ్ళు పైనున్న ట్యాంకు నుంచి దిగుతాయి. అందువల్ల గోడలోంచి వచ్చిన కుళాయికి తిన్నగా పైన, నిలువుగా గొట్టం ఉండే అవకాశం చాలా ఎక్కువ. వేడినీళ్ళ లైను, నీళ్ళ ఫిల్టరు లైను అదే గోడలో అడ్డంగా కూడా పోవచ్చు. ఇవి ప్లాస్టిక్ గొట్టాలు కాబట్టి చవక డిటెక్టర్లు వీటిని పసిగట్టలేవు. కుళాయి, ఫిల్టరు పాయింటుల నిలువు గీతకు రెండు వైపులా నాలుగేసి అంగుళాలు వదిలెయ్యండి. స్విచ్చు బోర్డుకు పైనా కిందా కూడా అంతే. కొంతమంది టైల్స్ వెయ్యకముందు గోడల ఫోటోలు తీసి దాచుకుంటారు, అడగండి. మొదటి బెజ్జానికి ముందు నీళ్ళ వాల్వు ఎక్కడుందో చూసి, అది తిరుగుతుందో లేదో తిప్పి చూడండి. వంటింటి కరెంటు ఆపేసి, మిషనుకు పక్కగది నుంచి తీగ లాగండి. పొడి తడిగా వస్తోందంటే బిట్టు గొట్టానికి తగిలినట్టే. బిట్టును బయటికి లాగే ముందు వాల్వు కట్టండి.

నీళ్ళ ట్రే

డబ్బాలో ట్రే వచ్చింది కదా అని అన్ని స్టాండ్లకూ తగిలించేస్తారు. స్టాండు మొత్తం సింకుకు సరిగ్గా పైన ఉంటే ట్రే అవసరమే లేదు. నీళ్ళు సింకులోకే రాలతాయి. 1940ల మధ్యలో ఫిన్లాండులో మైయు గెబ్‌హార్డ్ అనే గృహవిజ్ఞాన నిపుణురాలు రూపొందించిన గిన్నెల బీరువా కిటుకు కూడా అదే. సింకు మీద అడుగు లేని బీరువా, కడిగిన గిన్నె నేరుగా అందులోకి. తుడవడం, మళ్ళీ సర్దడం అనే రెండు పనులు తప్పాయి. అక్కడి ఇళ్ళలో అది ఇప్పటికీ మామూలు వస్తువే.

ట్రే కావలసింది స్టాండు సింకును దాటి గట్టు మీదికో, పొయ్యి వైపుకో, స్విచ్చు బోర్డు మీదికో వచ్చినప్పుడు. 75 సెం.మీ. పొడవు, 25 వెడల్పు ఉన్న ట్రేలో రెండు సెం.మీ. నీళ్ళు నిలిస్తే దాదాపు మూడు లీటర్ల ముప్పావు, అంటే ఇంచుమించు నాలుగు కిలోలు అదనం. పైగా నిలిచిన నీళ్ళలో వారం పది రోజుల్లో దోమలు పుడతాయి. కాబట్టి ట్రేకు ఒక చివర బెజ్జం ఉండాలి, ఆ చివర సింకు వైపు ఉండాలి, ట్రే అటు కనీసం ఒక సెంటీమీటరు వాలి ఉండాలి. ఈ వాలు కోసం కొందరు స్టాండునే వంచి బిగిస్తారు, అది తప్పు. రసమట్టం పెట్టి స్టాండును సమంగా బిగించి, ట్రే కొక్కేల దగ్గర ఒకవైపు వాషర్లు వేసి వాలు తీసుకురావాలి. ట్రే వెనక అంచు గోడ వైపు వాలకుండా కూడా చూడండి. వాలితే నీళ్ళు టైల్స్ మీదుగా జారి కింది స్క్రూ బెజ్జాల్లోకి పోతాయి. పని అయ్యాక ఒక గ్లాసు నీళ్ళు దూరపు చివర పోసి చూడండి. అన్నీ సింకులోకి చేరితేనే ట్రే సరిగ్గా కూర్చున్నట్టు.

గరిటెల స్టాండు, చెంచాల డబ్బాలను స్టాండు ముందు అంచుకు తగిలించడం అలవాటు. గోడకు దూరమైన కొద్దీ లాగుడు ఎక్కువవుతుందని పైన చూశాం. వాటిని పక్కకు, గోడ వైపుకు జరపండి, కుదిరితే విడిగా గోడకే బిగించండి. చెంచాల డబ్బా అడుగున బెజ్జాలు లేకపోతే నాలుగు రోజుల్లో అడుగున జిగట చేరుతుంది. కొనేటప్పుడే అడుగు చూసుకొమ్మని ఇంటివాళ్ళకు చెప్పండి.

ఎత్తు ఎవరిని అడగాలి

స్టాండు ఎక్కడ పెట్టాలో సాధారణంగా ఇంటి యజమాని వేలు పెట్టి చూపిస్తారు. రోజూ దాన్ని వాడేది ఆయన కాకపోవచ్చు. గిన్నెలు తోమే మనిషిని, ఆమె ఇంటావిడైనా పనికి వచ్చే అమ్మ అయినా, పిలిచి సింకు ముందు నిలబెట్టండి. చెయ్యెత్తి, మడమలు లేపకుండా ఎంత దూరం అందుతుందో టేపు అతికించండి. బరువైన గిన్నెలు పెట్టే అర ఆ గీతకు కిందే ఉండాలి. కింది అంచు కుళాయి మెడకు, పెద్ద తపేలా కడగడానికి అడ్డం రాకూడదు. ఉన్నవాటిలో అతిపెద్ద గిన్నెను సింకులో నిలబెట్టి కొలిస్తే తెలిసిపోతుంది. ఈ రెండు గీతల మధ్య స్టాండు పట్టకపోతే చిన్న స్టాండు మార్చుకోమనాలి. అందని అర అంచును పట్టుకునే మనుషులు పైకి లేస్తారు. లెక్కలో మనం భయపడిన లాగుడు అక్కడి నుంచే వస్తుంది.

బిగించాక

ఖాళీ స్టాండును ఊపి చూసి "గట్టిగా ఉంది" అనడం పరీక్ష కాదు. వాడుకలో పెట్టే పదహారు కిలోలకు ఒకటిన్నర రెట్లు, అంటే సుమారు పాతిక కిలోలు పెట్టి చూడాలి. పాతిక కిలోల బియ్యాన్ని ఐదేసి కిలోల సంచులుగా కట్టి, అరల మీద ఒక్కొక్కటిగా పేర్చండి. కింద చెయ్యి గానీ తల గానీ పెట్టకండి. పది నిమిషాలు ఆగి, పై అంచుకూ గోడకూ మధ్య ఒక కాగితం ముక్క దూర్చి చూడండి. ముందు దూరని కాగితం ఇప్పుడు దూరిందంటే పట్టు జారుతోంది. ఇంటివాళ్ళ ముందే ఈ పరీక్ష చెయ్యండి. పొడుగు ప్లగ్గులకు అదనంగా ఎందుకు అడిగారో వాళ్ళకు అప్పుడే అర్థమవుతుంది.

ఆ అదనపు డబ్బు మాట మొదటి బెజ్జానికి ముందే చెప్పాలి. "డబ్బాలోవి పూతలోనే ఆగిపోతాయండి, ఇటుక దాకా వెళ్ళేవి విడిగా తేవాలి" అని చెబితే కాదనేవాళ్ళు తక్కువ. అద్దె ఇల్లయితే యజమాని అనుమతి ఉందా అని కూడా అప్పుడే అడగండి. బిల్లు మీద గోడ రకం, ప్లగ్గు సైజు, ఎంత బరువు పెట్టి చూశారో రాసివ్వండి. రేపు ఎవరైనా ముప్పై కంచాలు, గ్రైండరు గిన్నె అందులో పెట్టి అడిగితే, మీ దగ్గర జవాబు ఉంటుంది.

స్టీలు రకం గురించి అందరూ అడుగుతారు. అయస్కాంతం అంటుకోకపోతే 304 రకమని షాపుల్లో చెప్పే మాట సరి కాదు. చవకైన 201, 202 రకాలు కూడా మామూలుగా అయస్కాంతానికి అంటుకోవు. బిల్లు మీద 304 అని రాయించుకోవడమే దారి. సముద్రం దగ్గరి ఊళ్ళలో, బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో ఈ తేడా త్వరగా బయటపడుతుంది. ఏ రకమైనా బాత్రూము కడిగే యాసిడ్, బ్లీచింగ్ మాత్రం తగలనివ్వవద్దని చెప్పండి. బోరు నీళ్ళ తెల్ల మరకలకు నిమ్మచెక్క చాలు.

కొన్నాళ్ళకు "స్టాండు కాస్త వదులైంది, ఒకసారి స్క్రూ బిగించి వెళ్ళండి" అని ఫోను వస్తుంది. వెళ్ళగానే స్క్రూడ్రైవర్ తీయకండి. ముందు గిన్నెలన్నీ దింపించి, స్టాండు దించి, ప్లగ్గును వేలితో లాగి చూడండి. చేతికి వచ్చేసిందంటే ఆ బెజ్జం పని అయిపోయినట్టే. అగ్గిపుల్లలు, కొబ్బరిపీచు, వైరు ముక్కలు దూర్చి మళ్ళీ బిగిస్తే ఇంకో నెల నిలబడుతుందేమో, అంతకుమించి కాదు. స్టాండును రెండంగుళాలు పైకో కిందికో జరిపి, పొడి రంగు చూసుకుంటూ కొత్త బెజ్జాలు వెయ్యండి. పాతవాటిలో తెల్ల సిమెంటు కూరి, ఆరాక పైన టైలు రంగుకు దగ్గరగా ఉండే సిలికాన్ పూసి, తుడిచెయ్యండి.